వెలుతురు లేని గదిలో ఆకులు

కమలాకర్ పదకొండో కుండీని భుజాన వేసుకుని మూడో అంతస్తుకు వచ్చేసరికి, నవత వంటింటి కిటికీ దగ్గర నిలబడి గాజు గ్లాసులో లేస్తున్న బుడగలు లెక్కపెడుతోంది. నిమిషానికి ముప్పై ఎనిమిది. ఆ అంకెను నోట్‌బుక్కులో రాయబోతుండగా వెనక నుంచి అన్న గొంతు వినబడింది.

"పక్కకు జరుగు."

జరిగింది. జరగకపోతే ఏమవుతుందో ఆమె ఒంటికి తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో మనసు కంటే ముందు ఒళ్ళే జరుగుతూ వచ్చింది. ముందు తండ్రి పరమేశ్వర్‌కి, ఆయన పోయాక ఆ చెయ్యి వారసత్వంగా తీసుకున్న అన్నకి.

కమలాకర్ మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో లోపలి గది తీశాడు. కుండీని లోపలికి నెట్టి మళ్ళీ తాళం వేశాడు. తలుపు తెరిచిన ఆ క్షణంలో ఉక్కపోత, తడిమట్టి వాసన, వాటి అడుగున అవ్వ దగ్గు బయటికి వచ్చాయి. అవ్వ అంటే వాళ్ళ తల్లి చిన్నవ్వ. నాలుగు రోజులుగా జ్వరం. నిన్న ఆక్సీమీటర్ ఎనభై ఎనిమిది చూపించింది. ఈ పొద్దున ఎనభై అయిదు.

సూరత్‌లోని గోడాదరాలో ఆ ఏప్రిల్ నెలలో మగ్గాలు మళ్ళీ ఆగిపోయాయి. కరోనా రెండో విడత. పోయినేడు ఆగినప్పుడు ఆకలి గురించి మాట్లాడుకున్నవాళ్ళు ఈసారి ఊపిరి గురించి మాట్లాడుకుంటున్నారు. వీధి మొత్తానికి ఒక్కటే ఆక్సీమీటర్. కింది వాటాలో ఉండే ఆటో సోమలింగం దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఇంటింటికీ తిప్పుతున్నాడు. కుండీలు తెచ్చింది కూడా అతని ఆటోలోనే, అమ్రోలిలో ఒక నర్సరీ నుంచి. కుండీలు దించుతూ సోమలింగం అన్న మాట మెట్ల మీదుగా ఇంట్లోకి వినబడింది.

"అడవిని తెస్తివి కమలన్నా. పులిని యాడ పెట్టినవ్?"

"పులి పైననే ఉన్నది. నోరు మూసుకోని దించు."

ఆ అడవి ఎందుకొచ్చిందో నవతకు తెలుసు. దాన్ని తెప్పించింది తన మాటే.

ఆమె వృక్షశాస్త్రం చదివింది. విదేశాలకు వజ్రాలు అమ్మే ఆఫీసులో మంచి ఉద్యోగం వస్తుందని ఎవరో చెబితే సాయంత్రాలు రెండేళ్ళపాటు ఫ్రెంచి నేర్చుకుంది. ఉద్యోగం దొరికిన మూడో నెలలో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసు మూతపడింది. తర్వాత ఇంకో పని దొరికింది. మడగాస్కర్‌లో తరాలుగా స్థిరపడ్డ గుజరాతీ కుటుంబాల పిల్లలు ఫ్రెంచి బడుల్లో చదువుతారు. వాళ్ళకి ఫోన్లో పాఠాలు అమ్మే ఒక చిన్న కంపెనీ ఆమెకు పరీక్షగా ఒక పాఠం ఇచ్చింది. పన్నెండేళ్ళ పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ. తేలిక ఫ్రెంచి. వాక్యానికి ఎనిమిది మాటలు దాటకూడదు. ముఖ్యమైన శాస్త్రపదాలు పక్కన పెట్టెలో ఉండాలి. రెండు పేజీలు, ఒక చిన్న వీడియో. గ్లాసులో బుడగలు ఆ వీడియో కోసమే.

ఆదివారం సాయంత్రం ఆమె మొదటి పేజీని అవ్వకు చదివి వినిపించింది. అవ్వ అప్పటికింకా కూర్చోగలుగుతోంది. "లా ప్లాంత్ ఫాబ్రిక్ సా నురిత్యూర్," అని చదివి, "మొక్క తన బువ్వ తనే వండుకుంటది అవ్వా," అంది.

"మరి నాకు నేర్పలేదేంది బిడ్డా గా ముచ్చట. యాభై ఏండ్లు పొయ్యి ముంగట కూసుంటి," అని అవ్వ నవ్వి దగ్గింది.

నవత ఉత్సాహంగా ముందుకు సాగింది. రసీన్ అంటే వేరు, అది నీళ్ళు పీలుస్తుంది. ఫోయ్ అంటే ఆకు, దాని సన్నటి రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తుంది. క్లోరోఫిల్ అంటే ఆకులోని పచ్చదనం, వెలుతురును పట్టేది అదే. ఆ వెలుతురు బలంతో నీళ్ళూ ఆ గాలీ కలిసి గ్లూకోజ్ అవుతుంది. "ఎల్ రెజెత్ ద్యు దియోక్సిజెన్." మొక్క ఆక్సిజన్‌ను బయటికి వదులుతుంది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి కమలాకర్ అడిగాడు. "ఏందీ, ఆక్సిజనా? మొక్కనా ఇచ్చేది?"

అన్న ఆమెను ఏదైనా అడగడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఏం వండినవ్, ఎటు పోయినవ్ అన్నవి ప్రశ్నలు కావు. ఇది ప్రశ్న. తనకు తెలియనిది ఆమెకు తెలుసన్నట్టు అడిగాడు. నవత గుండెలో ఎవరో చిన్నపిల్ల లేచి కూర్చుంది. "అవునన్నా. మనం పీల్చే ఆక్సిజన్ గట్ల వచ్చిందే," అంది.

"మొక్కలు ఎక్కువుంటే ఎక్కువిస్తయా?"

"ఇస్తయి."

రెండో పేజీ ఆమె ఒళ్ళోనే ఉంది. దాని మొదటి వాక్యం, "సాఁ ల్యూమియేర్, లా ఫోతోసాంతేజ్ సారెత్." వెలుతురు లేకపోతే ఆ పని ఆగిపోతుంది. దాని కింద ఇంకో వాక్యం. మొక్క పగలూ రాత్రీ మనలాగే ఊపిరి తీసుకుంటుంది, ఆక్సిజన్ వాడుకుంటుంది. అవి చదవలేదు. చదివితే అన్న ముఖంలో ఆ శ్రద్ధ చెదిరిపోతుందేమోననిపించింది. ఆ ఒక్క నిమిషాన్ని ఇంకొంచెం సాగనిద్దామనుకుంది. ఇంతలో అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు.

అతను కుండీలు పెట్టి ఊరుకోలేదు. లోపల తయారైన ఆక్సిజన్ బయటికి పోకూడదని కిటికీ రెక్కలు మూసి, మిల్లు నుంచి తెచ్చుకున్న రంగు వేయని మందపాటి బట్టను నాలుగు మడతలు చేసి చట్రం చుట్టూ మేకులు కొట్టాడు. తలుపు కింది సందులో తడి గోనె కుక్కాడు. పట్టపగలు ఆ గదిలో దీపం లేకపోతే చెయ్యి కనబడదు. దీపం కూడా వద్దన్నాడు. "వేడికి మొక్కలు వాడుతయి."

నవత తలుపు దగ్గరికి వెళ్ళి గోనె మీద కాలు పెట్టింది. "అన్నా, నేను ఆ రోజు సగమే చెప్పిన. చీకట్ల మొక్క ఆక్సిజన్ ఇయ్యది. అది కూడ మన లెక్క గాలి పీలుస్తది. ఎండల పెట్టినా పదకొండు కుండీలతోని ఒక మనిషికి చాలదు. అవ్వ ఊపిరితిత్తులకు ఇప్పుడు సిలిండర్ గాలి కావాలె. కిటికీ తెరువు, దవాఖానకు పోదాం."

"ఆ రోజు ఇస్తదంటివి."

"అంటి."

"ఇయ్యాల ఇయ్యదంటున్నవ్. నీ చదువు రోజుకోటి మాట్లాడ్తదా?"

"నేను తప్పు జేసిన అన్నా."

చెంపదెబ్బ ఎప్పటిలా ఎడమ చెవి మీద పడింది. చెవిలో మగ్గం మొదలైనట్టు హోరు. గోడ పట్టుకుని నిలబడింది. కమలాకర్ భార్య వినోద పొయ్యి దగ్గర చెయ్యి ఆపి చూసి, మళ్ళీ గరిటె తిప్పింది. ఆ ఇంట్లో కోడలికి కూడా ఒళ్ళే ముందు జరుగుతుంది.

"దవాఖానకు పోయిన మన వీధి గంగారాం ఎట్లొచ్చిండు?" అన్నాడు కమలాకర్. గొంతు పెంచలేదు. "మూటై వచ్చిండు. ప్లాస్టిక్ మీద పేరు రాసుండె. గా పేరు గుడ తప్పు రాసిన్రు. ఆని పెండ్లం మూట కాళ్ళు పట్టుకోని ఏడ్చింది. కాళ్ళేనో తలనో ఎవనికెరుక. మా అవ్వను నేను గట్ల పంపియ్య. సచ్చినా నా చేతుల సావాలె, ముఖం జూస్కుంట సావాలె."

నవతకు అతని మీద కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది, ఆ జాలే ఆమెను భయపెట్టింది. అతను అవ్వను చంపుతున్నది ప్రేమతోనే. ఆ ప్రేమకు కావలసిన ఆయుధం అందించింది తను.

సోమలింగం పైకొచ్చాడు. ఆక్సీమీటర్ సంచి భుజాన ఉంది. "జర చూస్త అన్నా," అని, కమలాకర్ తాళం తీయగానే లోపలికి వెళ్ళాడు. తలుపు తెరిచిన ఆ సందులో నవత కూడా దూరింది. చేతిలో కిటికీ దగ్గరి గ్లాసు ఉంది. అప్పటికప్పుడు ఏం చేస్తోందో ఆమెకే తెలియదు. పాఠం తయారు చేసేటప్పుడు చెవికంటే కంటికి నమ్మకమెక్కువని రాసుకున్న సంగతి మాత్రం గుర్తుంది.

గదిలో వెలుగు సోమలింగం ఫోనుదే. కుండీల మధ్య చాప మీద అవ్వ ఒరిగి ఉంది. మనీప్లాంట్ తీగ ఒకటి ఆమె భుజం మీద పడి ఉంది. పెదవులు నేరేడు రంగులోకి తిరుగుతున్నాయి. వేలికి తగిలించిన పరికరం కాసేపు ఊగిసలాడి ఎనభై ఒకటి దగ్గర ఆగింది.

"మేకను కట్టేసినట్టు కట్టేసిండు బిడ్డా నన్ను," అంది అవ్వ. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి. "చుట్టూ మేత ఏసి."

"అన్నా, ఇది చూడు," నవత గ్లాసును అతని ముఖం ముందు పెట్టింది. గ్లాసులో నీళ్ళు, చిటికెడు సోడా ఉప్పు, చేపల తొట్లలో వేసే నాచుమొక్క కొమ్మ ఒకటి, తెగిన కొస పైకి. "ఇప్పటిదాక కిటికీల నిమిషానికి ముప్పై ఎనిమిది బుడగలు లేసినయి. గదే ఆక్సిజన్. నువ్వు దారం పోగులు లెక్కపెట్టెటోనివి. లెక్కపెట్టు."

తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. మగ్గం నడుస్తుండగానే తెగిన పోగును పట్టే కళ్ళవి. లెక్క అంటే ఆ కళ్ళు వాటంతట అవే నిలబడతాయి. సోమలింగం ఫోను వెలుగును తగ్గించి గ్లాసు పక్కకు తిప్పాడు. ఒక బుడగ. ఇంకొకటి. చాలాసేపటికి ఇంకొకటి. కొస దగ్గర ఒకటి ఉబ్బి, లేవకుండా అలాగే అంటుకుని ఉండిపోయింది.

గదిలో వినబడుతున్నది అవ్వ ఊపిరి ఒక్కటే, బండ మీద రంపం లాగినట్టు.

అన్నకు అర్థమైందని నవతకు తెలిసింది. అర్థమైన క్షణాన అతని ముఖం ఆదివారం గుమ్మం దగ్గర ఉన్నట్టే మెత్తగా అయింది. మరుక్షణం మూసుకుపోయింది. మూర్ఖుడు తప్పు తెలియక కొడతాడని ఆమె ఎప్పుడూ అనుకునేది. తప్పు తెలిశాకే చెయ్యి ఎక్కువ బరువుగా పడుతుందని ఆ రోజు తెలుసుకుంది.

గ్లాసు గోడకు తగిలి పగిలింది. "నీ మొక్క సచ్చింది, గంతే," అని జుట్టు పట్టుకుని తల వంచాడు. ఆమె నుదురు కుండీ అంచుకు తగిలింది. మట్టి నోట్లోకి పోయింది. సోమలింగం మధ్యకు వస్తే మోచేత్తో ఒక్కటిచ్చాడు. అతను తలుపుకు తగిలి జారాడు, ఆక్సీమీటర్ కుండీల కిందికి దొర్లింది. "బయటికి నడువు. నా ఇల్లు ఇది, నా అవ్వ."

నవత చెయ్యి గోడ పట్టుకుని లేస్తూ దేవుని అరకు తగిలింది. అక్కడ పటాల పక్కన తండ్రి నాడె ఉంటుంది. మగ్గంలో అడ్డంగా నేసే పేక దారాన్ని అటూ ఇటూ మోసే కొయ్య పడవ, రెండు కొసలకూ ఇనుప ములుకులు. సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి సూరత్ వచ్చినప్పుడు తెచ్చింది. ప్రతి దసరాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆయన ఫోటోకంటే ముందు దానికే మొక్కుతారు. ఆడవాళ్ళు దాన్ని ముట్టరు. ముట్టింది. అరచేతిలో అది చాలాకాలంగా అక్కడే ఉన్నట్టు కుదిరింది.

ముందు అతన్ని కొట్టలేదు. కిటికీ బట్ట మీద కొట్టింది. ఆ బట్ట అన్న నేసిందే, చేత్తో చింపితే చిరగదు. ములుకు దూరింది. నాడెను కిందికి గుంజింది. బట్ట బర్రున చీలింది. అవతలి అద్దం రెండో దెబ్బకు పగిలి వీధిలోకి రాలింది. కింద ఎవరో బూతు తిట్టారు. వెలుతురు ఒక పలకలా లోపలికి వచ్చి అవ్వ ముఖం మీద, తీగ మీద, మట్టి మీద పడింది. అంతసేపూ చీకట్లో నల్లగా ఉన్న ఆకులన్నీ ఒక్కసారి పచ్చగా అయ్యాయి.

అతను వెనక నుంచి ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని చిటికెనవేలును వెనక్కి విరిచాడు. ఆ వేలు చిన్నప్పుడు ఒకసారి అతని చేతుల్లోనే విరిగింది. పాత చోటే మళ్ళీ టక్కుమంది. నొప్పి కంటే ముందు ఆమెకు ఒక స్పష్టత వచ్చింది, ఎండలో గ్లాసును చూసినంత స్పష్టంగా. తిరిగి, నాడె ములుకుతో అతని కుడి మణికట్టు మీద కొట్టింది. ఒకసారి చాలు. రెండోసారి కూడా కొట్టింది. ఆ రెండోది ఎందుకు కొట్టిందో తర్వాత చాలా రోజులు ఆలోచించింది. అవ్వ కోసం అయితే కాదు.

కమలాకర్ కూలబడ్డాడు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు.

గుమ్మంలో వినోద గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె భర్త దగ్గరికి పోలేదు. గరిటె కింద పెట్టి, కుండీలను కాలితో పక్కకు నెట్టుకుంటూ వచ్చి, అత్తను చంకల కింద చేతులు వేసి లేపింది. "సోమన్నా, కాళ్ళు పట్టు," అంది. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఆమె ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది.

మెట్ల మలుపులో అవ్వ కళ్ళు తెరిచి, "ఆన్ని కూడ తీస్కరాండ్రి, చెయ్యి ఇరిగింది," అంది.

సోమలింగం ఆటోను రెండు పెద్దాసుపత్రుల గేట్ల దగ్గర నుంచి తిప్పి పంపారు. మూడోచోట, సచిన్ అనే ఊరి వైపు పోయే దారిలో, ఒక కులసంఘం వాళ్ళు పెళ్ళిళ్ళ హాలులో మంచాలు వేసి సిలిండర్లు పెట్టారు. అక్కడ ఒక మంచం అరగంట క్రితమే ఖాళీ అయింది. ఎందుకు ఖాళీ అయిందో ఎవరూ అడగలేదు. అవ్వకు మాస్కు పెట్టారు. గంట గడిచేసరికి ఆక్సీమీటర్ తొంభై రెండు చూపించింది. మాస్కు లోపల ఆవిరి వచ్చి పోతుంటే, ఆ రాకపోకలను నవత హాలు కిటికీ అద్దంలోంచి ఆగకుండా లెక్కపెట్టింది. వినోద అక్కడివాళ్ళను ఒప్పించుకుని లోపల మంచం పక్కనే నిలబడింది. అత్త ముఖం చూస్తూ ఉంటానని మొగుడికి ఫోన్ చేసి చెప్పింది, ఇద్దరి మధ్యా దూరం నలభై అడుగులే అయినా.

హాలు బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. కమలాకర్ మణికట్టుకు అట్టముక్కలు పెట్టి కట్టు కట్టారు. రెండు చోట్ల విరిగిందన్నారు. పోగులు ముడివేసే చెయ్యి అది. మగ్గాలు మళ్ళీ నడిచినా అతను నడిపిస్తాడో లేదో తెలియదు. నవత వేలికి కూడా కట్టు. నుదుటి మీద మట్టి ఇంకా కడుక్కోలేదు. ఇద్దరి మధ్య ఒక కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ మీద ఆమె సంచి, సంచిలో నాడె. ఎందుకు తెచ్చిందో తెలియదు. అతను ఆ సంచి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. అతని ఒళ్ళు ఒక అంగుళం అవతలికి జరిగింది. మనసు కంటే ముందు.

ఆ అంగుళాన్ని ఆమె చూసింది. ఇన్నేళ్ళూ తన ఒంట్లో ఉన్నది అవతలి ఒంట్లోకి వెళ్ళడం చూసింది. సంతోషం కలిగింది. దాని వెనకే తన మీదే అసహ్యం.

అయిదింటికి కంపెనీ నుంచి పాఠం ఏమైందని ఫోన్లో సందేశం వచ్చింది. ఆమె ఒంటిచేత్తో ఫైలు తెరిచి, రెండో పేజీ మొదటి వాక్యాన్ని కోసి మొదటి పేజీలో ఆక్సిజన్ వాక్యం పక్కన అతికించింది. వీడియోలో బుడగలు ఆగిపోయేది లేదు, లేచేది మాత్రమే ఉంది. అలాగే పంపింది, మిగతాది రేపు తీస్తానని రాసి.

"గిది ఆ పాఠమేనా?" అన్నాడు కమలాకర్, తల తిప్పకుండా.

"అదే."

హాల్లో ఎవరో సిలిండర్‌ను నేల మీద దొర్లిస్తున్న చప్పుడు.

"ఆ దినం సగంల ఎందుకు ఆపినవ్? చీకట్ల ఇయ్యదని అప్పుడే చెప్తే నేను కిటికీ మూస్తుంటినా?"

కొట్టడానికి అడిగింది కాదు. ఆదివారంలాగే నిజంగా ప్రశ్న. నవతకు ఎన్నో జవాబులు తోచాయి. నువ్వు వెళ్ళిపోయావు, నువ్వెప్పుడు విన్నావు, నువ్వు కొడతావు. అన్నీ నిజాలే, ఏదీ జవాబు కాదు.

"నువ్వు వింటున్నవని," అంది.

అతనికి అర్థం కాలేదు. లేదా అయింది. కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని షామియానా చిరుగులోంచి నేల మీద పడుతున్న ఎండను చూస్తూ కూర్చున్నాడు. కమలాకర్ ఫోన్ మోగింది, లోపల నుంచి వినోద. ఇద్దరూ ఒకేసారి లేచారు.

"తొంభై మూడు," అంది వినోద. "నిద్రపోతున్నది. కూసోండ్రి."

కూర్చున్నారు, మధ్యలో సంచిని అలాగే ఉంచి.